మాట మధ్యలో కస్టమర్ టాపిక్ మార్చేస్తే సగంలో ఉన్న ఆర్డర్ పోకుండా చాట్‌బాట్ కట్టడం ఎలా: తరచుగా అడిగే ప్రశ్నలు

కడియం, కడియపులంక చుట్టుపక్కల నర్సరీలకి వాట్సాప్‌లో మొక్కల ఆర్డర్లు తీసుకునే బాట్లు కట్టిపెడుతుంటానండి. ఈ పని నేర్చుకుంటున్న కుర్రాళ్లు, నర్సరీల వాళ్లు కూడా, తిప్పితిప్పి అవే డౌట్లు అడుగుతున్నారు, ప్రతిసారీ ఫోన్లో మొదటి నుంచీ చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. ఏ ప్రశ్నకి ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. ఉదాహరణలన్నీ మొక్కల ఆర్డరువే, అందులో బాట్ అడిగేవి ఐదు: ఏ మొక్క, ఏ కవర్ సైజు, ఎన్ని, ఏ ఊరికి, ఏ రోజుకి.

## మొదలుపెట్టే ముందు

మధ్యలో ఇంకోటి అడగ్గానే మా బాట్ ఆర్డర్ మొత్తం మర్చిపోతోంది, తప్పు ఎక్కడుందండి?

నేను చూసిన బాట్లలో ఎక్కువసార్లు తప్పు ఒకే చోట ఉంటుంది. కస్టమర్ ఇప్పుడు ఏం పని మీద ఉన్నాడో రాసుకోవడానికి ఒక్కటే వేరియబుల్ పెడతారు, దానికి `current_intent` అనో ఏదో పేరు ఉంటుంది. ఆర్డర్ నడుస్తున్నంతసేపు అందులో ఆర్డర్ అని ఉంటుంది, కస్టమర్ మధ్యలో "ఆదివారం తీసుంటారా" అని అడిగేసరికి అందులో టైమింగ్స్ అని పడుతుంది, పాతది చెరిగిపోతుంది. టైమింగ్స్ చెప్పడం అయిపోయాక బాట్ చేతిలో ఏమీ మిగలదు, అందుకే "నమస్కారం, మీకు ఏం కావాలి" అని మళ్లీ మొదటికొస్తుంది. అప్పటికే నాలుగు ప్రశ్నలకి ఓపిగ్గా జవాబు చెప్పిన మనిషికి ఎలా ఉంటుందో ఆలోచించండి. బాట్‌కి మాట అర్థం కాకపోవడం ఇక్కడ సమస్య కాదు, టైమింగ్స్ అడిగారని దానికి బాగానే అర్థమైంది, కాకపోతే కొత్తది రాసుకోవడానికి పాతదాన్ని తుడిచేసింది. అందుకని మోడల్ మార్చి లాభం లేదు, సగంలో ఉన్న పనికి సొంతంగా ఒక చోటు ఇవ్వాలి.

టాపిక్ మార్చడం అన్నీ ఒకటేనా, అన్నిటికీ ఒకే కోడ్ రాస్తే సరిపోదా?

సరిపోదండి, కనీసం నాలుగు రకాలుగా విడదీయాలి. మొదటిది చిన్న ప్రశ్న, "మందారకి నీడ ఉంటే పర్లేదా" లాంటిది. ఒక్క జవాబుతో అయిపోతుంది, ఆర్డర్ని ఎక్కడికీ కదపక్కర్లేదు, జవాబిచ్చి అడుగుతున్న ప్రశ్నే మళ్లీ అడగాలి. రెండోది కొత్త పని, "పోయినసారి తెచ్చిన మొక్కలు చచ్చిపోయాయి" లాంటిది, దానికి సొంత ప్రశ్నలుంటాయి, అది అయ్యేదాకా ఆర్డర్ పక్కన ఆగాలి. మూడోది దిద్దుబాటు, "ఉండండి, 200 కాదు 250 చెయ్యండి". చూడ్డానికి టాపిక్ మారినట్టే ఉంటుంది ఎందుకంటే బాట్ ఊరు అడుగుతుంటే కస్టమర్ ఎన్ని మొక్కలో చెప్తున్నాడు, కానీ ఇది అదే ఆర్డర్, జవాబులు రాసుకునే గడుల్లో ఒకదాంట్లో అంకె మారుతుందంతే. నాలుగోది వద్దనుకోవడం, "వద్దులెండి ఇప్పుడు".

ఎక్కువ మంది చేసే పొరపాటు రెండో రకాన్నీ నాలుగో రకాన్నీ కలిపేయడం. కస్టమర్ వేరే మాట ఎత్తాడు కాబట్టి ఆర్డర్ వద్దనుకున్నాడని లెక్కేసి చెరిపేస్తారు. వద్దని నోటితో చెప్పేదాకా ఏ పనీ చెరపకూడదండి.

ఎల్‌ఎల్‌ఎమ్ పెడితే చాట్ అంతా దానికే గుర్తుంటుంది కదా, ఇవన్నీ ఎందుకు రాసుకోవడం?

ఎల్‌ఎల్‌ఎమ్‌కి మీరు పంపినంత చాట్ మాత్రమే కనిపిస్తుంది, అది కూడా మాటలుగా కనిపిస్తుంది, గడుల్లో రాసిన ఆర్డరుగా కాదు. చాట్ పొడుగైతే ఖర్చు తగ్గించడానికి చివరి పదో ఇరవయ్యో మెసేజ్‌లే పంపుతాం, మధ్యలో కంప్లయింట్ పది మెసేజ్‌లు నడిచిందంటే ఆర్డర్ మొదట్లో చెప్పిన కవర్ సైజు బయటికి జారిపోతుంది. మొత్తం పంపినా రెండు పనుల అంకెలు దగ్గర దగ్గరగా ఉంటే ఒకదాంట్లోది ఇంకోదాంట్లో పెట్టే ప్రమాదం ఉంది, పైగా అది ఎప్పుడు జరిగిందో మీకు తెలియదు, ఎందుకంటే వాక్యం మాత్రం చక్కగా ఉంటుంది.

నేను చేసేది ఏంటంటే, మాట అర్థం చేసుకోవడం వరకే ఎల్‌ఎల్‌ఎమ్‌కి ఇస్తాను. ప్రతి మెసేజ్‌కీ అది "కొత్త పని మొదలెట్టు", "ఈ గడిలో ఇది రాయి", "పక్కన పెట్టింది తెరువు", "రద్దు చెయ్యి" లాంటి కొన్ని ఆజ్ఞల్లోంచే ఒకటో రెండో ఇవ్వాలి. రాసుకోవడం, దాచడం, తిరిగి తియ్యడం మన కోడే చేస్తుంది. బాట్లు కట్టడానికి వాడే Rasa అనే టూల్ కొత్త వెర్షన్లలో ఉన్న CALM కూడా ఇదే పద్ధతి, ఆగిపోయిన పనిని మళ్లీ అందుకోవడానికి అందులో `pattern_continue_interrupted` అని రెడీగా ఉంటుంది.

## టాపిక్ మారిందని గుర్తుపట్టడం

కస్టమర్ అడిగినదానికి జవాబు చెప్పాడా, టాపిక్ మార్చాడా, బాట్‌కి ఎలా తెలుస్తుంది?

వచ్చిన మెసేజ్‌ని రెండు రకాలుగానూ చూడాలి. ఇది నేనడిగిన ప్రశ్నకి జవాబు అవుతుందా అని ఒకసారి, ఇది కొత్త మాట అవుతుందా అని ఇంకోసారి. బాట్ "ఏ ఊరికి పంపాలండి" అని అడిగిందనుకోండి. "రావులపాలెం" అని వస్తే జవాబు. "రావులపాలెం బండి ఎంతవుద్ది" అని వస్తే ప్రశ్న, అందులో ఊరి పేరు ఉన్నా సరే. ఊరి పేరు కనపడగానే గడిలో రాసేసుకునే బాట్ ఇక్కడే పప్పులో కాలేస్తుంది, ఆ మనిషి ఇంకా ఖర్చు తెలుసుకుని నిర్ణయించుకుందామనుకుంటున్నాడు.

రెండూ కుదురుతున్నట్టు ఉంటే, అంటే మెసేజ్‌లో జవాబూ ఉంది ప్రశ్నా ఉంది, "రావులపాలెం, ఆదివారం తీసుంటారా" అన్నారు, అప్పుడు రెండూ తీసుకోండి, ఊరు రాసుకుని టైమింగ్స్ చెప్పండి. ఏదీ తేలకపోతే ఊహించొద్దు, ఒక్కసారి అడగండి. అయితే ఆ అడగడం "నాకు అర్థం కాలేదు" అని కాకుండా, "రావులపాలేనికే పంపమంటారా, ముందు బండి ఖర్చు చూస్తారా" అని ఉండాలి. రెండు దారులూ కనిపిస్తే కస్టమర్ టక్కున ఒకటి చెప్పేస్తాడు.

"అది సరే గానీ", "అన్నట్టు", "ఇంతకీ" లాంటి మాటలు పట్టుకుంటే సరిపోతుందా?

సరిపోదు గానీ చాలా సాయం చేస్తాయి, వీటిని వాడుకోని తెలుగు బాట్‌ని చూస్తే నాకు బాధేస్తుంది. మనవాళ్లు టాపిక్ మార్చేటప్పుడు ఊరికే మార్చరు, ముందు చిన్న గుర్తు ఇస్తారు. "అది సరే గానీ" అన్నారంటే ఉన్న మాట పక్కన పెడుతున్నారు, తర్వాత వచ్చేది చాలావరకు పెద్ద విషయమే. "అన్నట్టు" అంటే మధ్యలో ఏదో గుర్తొచ్చింది, చిన్నదే, మళ్లీ వెనక్కొస్తారు. "ఉండండి", "ఆగండాగండి" తర్వాత దిద్దుబాటు వస్తుంటుంది. "పోనీ" అంటే ముందు చెప్పినదానికి బదులు ఇంకోటి చూస్తున్నారు, "పోనీ 8×10 కవర్లో ఇస్తారా" అన్నట్టు.

"ఇంతకీ" ఒక్కటే జాగ్రత్త. "ఇంతకీ నా ఆర్డర్ ఏమైంది" అంటే పాత పనికి తిరిగొస్తున్నట్టు, "ఇంతకీ మీ నర్సరీ ఎక్కడ" అంటే కొత్త ప్రశ్న. అందుకని ఈ మాటల్ని తీర్పు చెప్పడానికి వాడకూడదు, ఎటూ తేలనప్పుడు ఒక పక్కకి మొగ్గడానికి వాడాలి. ఇంకోటి, సగం మంది ఇంగ్లీష్ అక్షరాల్లో టైప్ చేస్తారు, ఒక్కొక్కరి స్పెల్లింగ్ ఒక్కోలా ఉంటుంది కాబట్టి లిస్టులో అవి కూడా ఉండాలి:

```
adi sare gani | adi sarle kani | adi sare kaani
annattu | annatlu
intaki | inthaki | intakee
```

ఈ లిస్టు ఇంట్లో కూర్చుని ఊహించి రాస్తే కుదరదండి, మీ కస్టమర్ల పాత చాట్‌లు తెరిచి వాళ్లు ఎలా కొడుతున్నారో చూసి రాయాలి.

ఒకే మాటని మూడు ముక్కలుగా పంపుతారు, బాట్ ప్రతి ముక్కకీ జవాబిస్తోంది, ఏం చెయ్యాలి?

"అది సరే గానీ" ఒక మెసేజ్, "మొన్న తెచ్చిన మొక్కలు" ఇంకోటి, "ఎండిపోతున్నాయండి" మూడోది. బాట్ మొదటి ముక్కకే "ఏ ఊరికి పంపాలి" అంటుంది, రెండో ముక్కని కొత్త మొక్కల ఆర్డర్ అనుకుంటుంది, మూడోది వచ్చేసరికి అంతా కంగాళీ. మెసేజ్ రాగానే పని మొదలెట్టకుండా మూడు నాలుగు సెకన్లు ఆగండి, ఈలోగా అదే నంబర్ నుంచి ఇంకోటొస్తే కలిపేసి మళ్లీ అంతసేపు ఆగండి. నేను వాడేది నాలుగు సెకన్లు, పెద్దవాళ్లు నిదానంగా టైప్ చేస్తారు కాబట్టి. బటన్ నొక్కితే మాత్రం ఆగక్కర్లేదు, అది పూర్తి మాటే.

దీనితోపాటే ఒక నంబర్‌కి ఒక్కో మెసేజే వరసలో నడిచేలా చూసుకోండి. రెండు మెసేజ్‌లు ఒకేసారి ప్రాసెస్ అయితే ఒకటి ఆర్డర్ని పక్కన పెడుతుంటే ఇంకోటి అదే ఆర్డర్లో రాస్తుంటుంది. వాట్సాప్ నుంచి ఒకే మెసేజ్ రెండుసార్లు కూడా రావచ్చు, మెసేజ్ ఐడీ చూసి రెండోదాన్ని వదిలేయాలి.

## సగం పనిని పక్కన పెట్టడం

ఆగిన ఆర్డర్లో ఏమేం దాచాలి?

చెప్పిన వివరాలు దాచాలని అందరికీ తెలుసు. మర్చిపోయేది, ఆగేటప్పుడు బాట్ ఏ ప్రశ్న అడిగి జవాబు కోసం చూస్తోందో అది. అది లేకపోతే వివరాలన్నీ ఉన్నా ఎక్కడ అందుకోవాలో తెలియదు. మూడోది ఎప్పుడు ఆగిందో, ఎందుకంటే రేట్లూ సరుకూ మారుతుంటాయి. నాలుగోది ఆ పనికి ఒక ఐడీ.

```json
{
  "id": "ord-17",
  "task": "order",
  "status": "parked",
  "slots": {"plant": "మందార", "cover": "8x10", "count": 200},
  "asked": "place",
  "parked_at": "2025-07-12T10:42:00+05:30"
}
```

ఇది డేటాబేస్‌లో ఉండాలండి, ప్రోగ్రామ్ మెమరీలో కాదు. సర్వర్ ఒకసారి రీస్టార్ట్ అయితే మెమరీలో ఉన్న సగం ఆర్డర్లన్నీ పోతాయి, కస్టమర్‌కి మాత్రం వాట్సాప్‌లో పాత మెసేజ్‌లన్నీ కనిపిస్తూనే ఉంటాయి, "పైన చూడండి, చెప్పాను కదా" అంటారు. ఇంకో మాట, పక్కన పెట్టే ముందు రాయడం కాదు, ప్రతి జవాబు రాగానే రాసేయండి. అప్పుడు పక్కన పెట్టడమంటే `status` ఒక్కటి మార్చడమే.

రెండు పనుల్లోనూ "ఎన్ని మొక్కలు" అనే ప్రశ్న ఉంది, కలిసిపోకుండా ఎలా?

ఈ తప్పు నేనే చేశానండి, అందుకే గట్టిగా చెప్తున్నా. మొదట్లో కట్టిన ఒక బాట్‌లో కస్టమర్ వివరాలన్నీ ఒకే సంచిలో వేశాను, `count` అని ఒక్కటే గడి. ఫంక్షన్ హాల్ నడుపుకునే ఒకాయన 200 మందార మొక్కలు చెప్పి, మధ్యలో "అది సరే గానీ పోయినసారి తెచ్చిన నందివర్ధనం ఆకులు పండుబారిపోతున్నాయి" అన్నారు. బాట్ కంప్లయింట్ మొదలెట్టి ఎన్ని మొక్కలకి అలా అయిందని అడిగింది, ఆయన 40 అన్నారు. ఆ 40 వెళ్లి 200 మీద పడింది. తర్వాత బాట్ ఆర్డర్‌కి తిరిగొచ్చి ఊరూ రోజూ మాత్రం అడిగి ముగించింది, ఎన్నో అడగలేదు ఎందుకంటే ఆ గడి నిండే ఉంది. బండిలో 40 మొక్కలే వెళ్లాయి. రెండు రోజుల్లో పెళ్లి పెట్టుకుని గేటు పొడుగునా వరసగా పెట్టిద్దామని ఎదురుచూస్తున్న మనిషి ఆయన. నర్సరీ వాళ్లు రాత్రికి రాత్రి ఇంకో బండి కట్టించి మిగతావి పంపారు, ఆ కిరాయి వాళ్ల నెత్తిన పడింది.

మందు చాలా చిన్నది. గడి పేరు ముందు పని ఐడీ ఉండాలి, `ord-17.count` వేరు, `cmp-04.count` వేరు. ఏ జవాబైనా ప్రస్తుతం తెరిచి ఉన్న పనిలోనే పడాలి, పక్కన పెట్టిన పనిలోకి ఒక్క అక్షరం కూడా వెళ్లకూడదు. ఫోన్ నంబర్, పేరు లాంటివి మాత్రమే కస్టమర్ మీద ఉంచండి, అవి పనిని బట్టి మారవు. ఊరు కూడా కస్టమర్ మీద ఉంచొచ్చు కదా అని అడుగుతుంటారు, వద్దు, భీమవరంలో ఉండే ఆయన మొక్కలు అమలాపురంలో కూతురింటికి పంపమనొచ్చు.

ఎన్ని పనులు పక్కన పెట్టొచ్చు? ఏది ముందు తియ్యాలి?

ప్రోగ్రామింగ్‌లో స్టాక్ అంటారు, మా దగ్గర స్టాక్ అంటే సరుకు కాబట్టి నేను దొంతర అంటాను. చివర పెట్టినది ముందు తీస్తాం. మనుషుల మాటలు కూడా ఇలాగే ఒకదానిమీద ఒకటి పేరుస్తూ తీస్తూ నడుస్తాయని 1986లోనే బార్బరా గ్రోజ్, కాండేస్ సిడ్నర్ ఇద్దరూ ఒక పేపర్‌లో వివరంగా రాశారు, ఇప్పటి బాట్లలో కనిపించే దొంతర పద్ధతి ఆ ఆలోచనకి దగ్గరిదే.

అయితే దొంతరని గుడ్డిగా నమ్మొద్దు. పక్కన రెండు పనులుంటే కస్టమర్ కింద ఉన్నదాన్నే ముందు అడగొచ్చు, "నా మామిడి అంట్ల సంగతి ఏమైంది" అని. అప్పుడు పేరు పట్టుకుని నేరుగా దాన్ని తియ్యగలగాలి, పైనున్నది అయ్యేదాకా ఆగమనకూడదు. నేనైతే తెరిచిన పని ఒకటి, పక్కన రెండు, అంతకు మించనివ్వను. మూడోది పక్కన పెట్టాల్సొస్తే అన్నిటికన్నా పాతదాన్ని చెరపకుండా నర్సరీ మనిషికి పంపిస్తాను, ఆయన ఫోన్ చేసి మాట్లాడతాడు. చిన్న ప్రశ్నలు దొంతరలోకి రావు, వాటిని పనులుగా లెక్కెయ్యొద్దు.

## తిరిగి అందుకోవడం

మధ్యలో వచ్చిన పని అయిపోయాక బాట్ ఏమనాలి?

మూడు ముక్కలు ఉండాలి: ఏ పని ఆగిందో, ఇప్పటిదాకా ఏం చెప్పారో, ఇప్పుడు ఏం కావాలో. "మీ మందార ఆర్డర్ సగంలో ఉందండి. 200 మొక్కలు, 8×10 కవర్. ఏ ఊరికి పంపమంటారు?" అంతే. ఉత్తినే "ఏ ఊరికి పంపాలి" అంటే పది మెసేజ్‌ల తర్వాత కస్టమర్‌కి దేని గురించో తట్టదు, కంప్లయింట్ మొక్కలు వెనక్కి తీసుకెళ్తారేమో అనుకుని వేరే ఊరు చెప్పేయొచ్చు. "కొనసాగించాలా?" అని అవును-కాదు ప్రశ్న విడిగా వేయడం కూడా నాకు నచ్చదు, కొద్దిసేపే అయితే అది ఒక మెసేజ్ దండగ, నేరుగా ఆగిన ప్రశ్నే అడగండి, వద్దనుకుంటే వాళ్లే చెప్తారు.

వివరాలు చూపించడంలో ఇంకో లాభం, ఏదైనా తప్పుగా రాసుకుని ఉంటే కస్టమర్ అక్కడే పట్టుకుంటాడు.

కంప్లయింట్ ఇచ్చిన వెంటనే ఆర్డర్ గురించి అడిగితే బాగోదేమో?

నిజమే. మొక్కలు చచ్చిపోయాయని బాధపడుతున్న మనిషిని ఆ నిమిషంలోనే "ఏ ఊరికి పంపాలి" అంటే సరుకు అంటగడుతున్నట్టు ఉంటుంది. కంప్లయింట్ నంబర్ ఇచ్చాక "మీ ఆర్డర్ అలాగే ఉంచామండి, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆర్డర్ అని పెట్టండి" అని వదిలేయండి. వాళ్ల ఫిర్యాదు చిన్నదై, మామూలుగా మాట్లాడుతుంటే మాత్రం అడగొచ్చు.

ఒక చాట్ మొదటి నుంచి చివరిదాకా, లోపల ఏం జరుగుతుందో చూపిస్తారా?

తణుకు నుంచి ఒకావిడ అనుకుందాం. మందార, 8×10 కవర్, 200 అని చెప్పారు. బాట్ ఊరు అడిగింది. ఇప్పుడు `ord-17` తెరిచి ఉంది, మూడు గడులు నిండాయి, `asked` లో `place` ఉంది.

ఆవిడ: "అది సరే గానీ పోయినసారి తెచ్చిన నందివర్ధనం ఆకులు పండుబారిపోతున్నాయండి." ఊరు కాదు, కొత్త పని. `ord-17` పక్కకి, `cmp-04` తెరుచుకుంది. ఎన్ని మొక్కలకి అని బాట్ అడిగితే "40" అన్నారు, అది `cmp-04.count` లో పడింది. తర్వాత ఆకు ఫొటో పెట్టమంది.

ఫొటో పెట్టకుండా ఆవిడ "అన్నట్టు తణుకు బండి ఎంతవుద్ది" అన్నారు. చిన్న ప్రశ్న, అదీ పక్కన ఉన్న ఆర్డర్‌కి సంబంధించింది. చాలా బాట్లు తడబడేది ఇక్కడే, వెంటనే ఆర్డర్ తెరిచేసి ఫొటో సంగతి వదిలేస్తాయి. ఏ పనినీ కదపకుండా బండి ఖర్చు చెప్పి, "ఆకు ఫొటో ఒకటి పెట్టండి" అని మళ్లీ అడగాలి. తణుకు అన్న మాటని ఆర్డర్ గడిలో రాయకూడదు, కాకపోతే `ord-17` పక్కన `guess: తణుకు` అని పెన్సిల్‌తో రాసినట్టు గుర్తు పెట్టుకోవచ్చు.

ఫొటో వచ్చింది. ఫొటో కోసం చూస్తున్నది `cmp-04` ఒక్కటే కాబట్టి అందులోకే. కంప్లయింట్ నంబర్ ఇచ్చి ఆ పని మూసేసింది. ఆవిడే బండి ఖర్చు అడిగారు కాబట్టి ఆర్డర్ మీద మనసుందని తెలుస్తోంది, అందుకని బాట్ దాన్ని తెరిచి "మీ మందార ఆర్డర్ సగంలో ఉందండి, 200 మొక్కలు, 8×10 కవర్. తణుకుకే పంపమంటారా?" అంది. ఊహని ఖాయం చేసుకునే ప్రశ్నగా మార్చింది.

ఆవిడ: "ఆ తణుకే, కానీ 250 చెయ్యండి." ఒక మెసేజ్‌లో జవాబూ దిద్దుబాటూ. `place` లో తణుకు, `count` లో 250. ఇక మిగిలింది రోజు ఒక్కటే, దాన్ని అడుగుతూ "250 చేశానండి" అని చెప్పడం మర్చిపోకూడదు.

కస్టమర్ మర్నాడో వారం తర్వాతో తిరిగొస్తే పాత ఆర్డర్ అక్కడి నుంచే మొదలెట్టాలా?

అదే రోజైతే నేరుగా అందుకోండి. మర్నాడైతే వివరాలు చూపించి, కొనసాగించాలా కొత్తగా మొదలెట్టాలా అని అడగండి, ఇక్కడ ఆ ప్రశ్న అవసరమే. వారం దాటితే మొక్క పేరూ ఊరూ ఉంచి, రేటూ సరుకూ మళ్లీ చూసి చెప్పాలి, పాత రేటుకి ఒప్పుకున్నట్టు ముందుకి వెళ్లొద్దు. తేదీ గడిని అయితే ఖాళీ చేసేయాలి, "ఎల్లుండి" అని చెప్పిన రోజు ఎప్పుడో అయిపోయి ఉంటుంది. అందుకే ఎల్లుండి, వచ్చే శుక్రవారం లాంటివి చెప్పగానే అసలు తేదీగా మార్చి రాసుకోవాలి.

మీరే గుర్తుచేద్దామనుకుంటే ఒక హద్దుంది. వాట్సాప్ బిజినెస్‌లో కస్టమర్ చివరి మెసేజ్ పెట్టిన 24 గంటల్లోపే మనం మామూలు మెసేజ్ పంపగలం, ఆ తర్వాత ముందే అప్రూవ్ చేయించుకున్న టెంప్లేట్ మాత్రమే వెళ్తుంది. సగం ఆర్డర్ గుర్తుచేసే మెసేజ్ ఒక్కటి, ఆ 24 గంటల్లో, పగటిపూట పంపితే చాలు.

పైకి స్క్రోల్ చేసి పాత బటన్ నొక్కితేనో, పాత మెసేజ్‌కి రిప్లై కొడితేనో?

బటన్లు చాట్‌లో అలాగే ఉండిపోతాయి, ఎప్పుడైనా నొక్కుతారు. వాట్సాప్ రిప్లై బటన్‌కి మనం ఒక ఐడీ ఇస్తాం, నొక్కినప్పుడు అదే తిరిగొస్తుంది. ఆ ఐడీలో ఉత్త `yes` అని పెడితే ఏ ప్రశ్నకి అవునో తెలియదు, ఇప్పుడు తెరిచి ఉన్న పనికి అంటుకుంటుంది. `ord-17:cover:8x10` అని పని, గడి, విలువ మూడూ పెట్టండి. అప్పుడు కంప్లయింట్ మధ్యలో పాత కవర్ సైజు బటన్ నొక్కినా అది ఆర్డర్‌కి దిద్దుబాటని తెలుస్తుంది, ఆ పని అప్పటికే పూర్తయి ఉంటే "ఆ ఆర్డర్ అయిపోయిందండి" అని చెప్పొచ్చు.

మెసేజ్‌ని పక్కకి లాగి రిప్లై కొడితే, వచ్చే డేటాలో `context` కింద ఆ పాత మెసేజ్ ఐడీ ఉంటుంది. మీరు పంపిన ప్రతి ప్రశ్న ఐడీనీ పనితో కలిపి దాచుకుంటే, "50" అని ఒక్క అంకె వచ్చినా అది దేనికి జవాబో అనుమానం ఉండదు. జనం ఈ రిప్లై బాగా వాడతారండి, బాట్లు కట్టేవాళ్లే దాన్ని చూడరు.

ఒక మెసేజ్‌లో బటన్లు మూడుకి మించి పెట్టనివ్వదు, బటన్ మీద రాత 20 అక్షరాలు దాటకూడదు. తెలుగులో గుణింతాలూ ఒత్తులూ విడిగా లెక్కేసుకుని చిన్న మాటలు రాయండి, "కొనసాగించు", "కొత్త ఆర్డర్", "వద్దు" లాంటివి.

## కట్టాక పరీక్షించడం

అన్నీ పెట్టాను, బాగా పనిచేస్తుందని ఎలా తెలుసుకోవాలి?

ఆర్డర్లో ఐదు ప్రశ్నలున్నాయి, టాపిక్ మారే రకాలు నాలుగు. ప్రతి ప్రశ్న దగ్గరా ప్రతి రకాన్నీ విసరండి, 20 చాట్‌లు అవుతాయి, ఒక మధ్యాహ్నం పని. ప్రతిదాని చివరా చాట్ చదవడంతో ఆగకండి, డేటాబేస్‌లో గడులు తెరిచి చూడండి. చాట్ చక్కగా ఉండి గడిలో అంకె తప్పుండడమే అన్నిటికన్నా ప్రమాదం. రెండు పనుల్లోనూ కావాలని వేరే వేరే అంకెలు ఇవ్వండి, ఒకచోట 200 ఇంకోచోట 40, కలిసిపోతే వెంటనే కనపడుతుంది. ఆ తర్వాత సర్వర్‌ని చాట్ మధ్యలో ఆపి మళ్లీ లేపి చూడండి.

కస్టమర్లు వాడటం మొదలెట్టాక ఏం గమనించాలి?

పక్కన పెట్టిన పనుల్లో ఎన్ని మళ్లీ తెరుచుకున్నాయి, ఎన్ని అలాగే పడున్నాయి, వారానికొకసారి చూడండి. పడున్నవాటిలో పదింటిని తీసి చదివితే కారణం మీకే తెలుస్తుంది. ఒకే పనిలో ఒకే ప్రశ్న మూడోసారి అడిగిందంటే అక్కడ బాట్ జవాబుని టాపిక్ మార్పు అనుకుంటోందని అర్థం.

అన్నిటికన్నా సులువైన పని, చాట్‌లలో "ఇందాకే చెప్పాను", "చెప్పాను కదా", "మళ్లీనా", `cheppanu kada` అని వెతకండి. ఇవి దొరికిన ప్రతి చోటా దానికి ముందున్న నాలుగు మెసేజ్‌లు చదివి, ఆ నిమిషంలో ఏ పని తెరిచి ఉందో, `asked` లో ఏముందో పక్కన పెట్టుకుని చూడండి. నేను ప్రతి సోమవారం పొద్దున్న చేసే మొదటి పని అదే.